మన వంటిల్లు: ఓవెన్‌లో అత్తెసరు అన్నం



ఈ పేజీకి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే సంగతిని అడిగాయి. మైక్రోవేవ్ ఓవెన్‌లో గిన్నె పెట్టి అన్నం ఎలా వండాలి? మూడు ఊళ్ల నుండి, మూడు అవసరాల కొద్దీ వచ్చిన ఉత్తరాలివి. అందుకే మూడింటికీ కలిపి ఈ నెల జవాబు వ్రాస్తున్నాము.

జగిత్యాల సోదరి ఇలా వ్రాశారు: "ఫుల్ పవర్ మీద పదిహేను నిమిషాలు పెట్టాను. గంజి పొంగి ఓవెన్ లోపల ప్లేటంతా కారింది. తీరా చూస్తే గిన్నె అంచున అన్నం ఎండిపోయింది, నడుమ పలుకుగా ఉంది."

కోరుట్ల నుండి వ్రాసిన సోదరి తన తల్లి గురించి అడిగారు. ఆ తల్లికి డెబ్బై దాటాయి, ఒంటరిగా ఉంటుంది. కొడుకు గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు. రెండుసార్లు ఆమె గ్యాస్ పొయ్యి ఆర్పడం మరచిపోతే గిన్నెలు మాడిపోయాయి. మొన్న సెలవుకు వచ్చిన కొడుకు, తనంతట తాను ఆగిపోతుంది కదా అని ఓవెన్ కొనిపెట్టి వెళ్లాడు. ఇప్పుడు ఆమెకు ఒక్క మనిషికి సరిపడే అన్నం దానిలో వండుకోవడం రావాలి. రాకపోతే మళ్లీ పొయ్యి దగ్గరికే వెళుతుంది.

సిరిసిల్ల సోదరి భర్త మరమగ్గాల మీద పనిచేస్తాడు. షిఫ్టును బట్టి ఒక్కోసారి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. "పగలు సరిగ్గా ఉడికిన టైముకు సాయంత్రం ఉడకడం లేదు. రాత్రి ఏడింటికి వండి ఓవెన్‌లోనే ఉంచి, ఆయన వచ్చాక వేడి చేసి పెడుతున్నాను. తప్పేమీ లేదు గదా?" అని అడిగారు.

సోదరీ, ఓవెన్ కొత్తదే గాని ఈ వంట మనకు కొత్తది కాదు. గంజి వార్చకుండా, కొలిచి పోసిన ఎసరంతా బియ్యమే పీల్చుకునేలా వండటాన్ని మన పెద్దలు అత్తెసరు అన్నారు. ఓవెన్‌లో చేసేది అదే. పొయ్యి మీద అత్తెసరుకు మూడు మెట్లున్నాయి. మొదట పెద్ద మంట మీద ఎసరు మరగాలి. తరువాత మంట తగ్గించి ఉడకనివ్వాలి. చివరకు దించి, మూత తీయకుండా ఉమ్మగిలనివ్వాలి. ఓవెన్‌లో కూడా ఈ మూడు మెట్లూ ఉండాలి. జగిత్యాల సోదరి మొదటి మెట్టునే చివరి వరకు లాగారు. అన్నం చెడడానికి కారణం అంతే.

ముందుగా గిన్నె సంగతి చూద్దాము. మన ఇళ్లలో ఉన్నవన్నీ స్టీలు గిన్నెలే, అవి దీనికి పనికిరావు. మైక్రోవేవ్ తరంగాలు లోహం గుండా పోలేక తగిలి వెనక్కి మళ్లుతాయి, లోపలి బియ్యానికి వేడి సరిగా అందదు. గిన్నె ఓవెన్ గోడకు దగ్గరైతే నిప్పురవ్వలు కూడా వస్తాయి. జరీ అంచులాగా బంగారు గీత ఉన్న పింగాణీ గిన్నెలూ, మెలమైన్ ప్లేట్లూ కూడా వద్దు. ఓవెన్‌కు పనికివచ్చే గట్టి గాజు గిన్నె మేలు. లేదా మైక్రోవేవ్‌కు తగినదని అడుగున గుర్తున్న ప్లాస్టిక్ గిన్నె వాడవచ్చు.

గిన్నె ఎంత పెద్దది కావాలన్నది ఇంకా ముఖ్యం. ఒక కప్పు బియ్యానికి రెండు లీటర్లు పట్టే లోతైన గిన్నె కావాలి. ఒక కప్పుకు అంత గిన్నె ఎందుకని అనిపిస్తుంది. కాని పిండి కలిసిన నీరు మరిగేటప్పుడు నురుగు కట్టి పైకి లేస్తుంది. ఆ నురుగు లేచి మళ్లీ దిగడానికి చోటుండాలి. బియ్యం, నీళ్లు పోశాక గిన్నెలో మూడు వంతులు ఖాళీగా ఉంటే పొంగు భయం చాలా వరకు తీరుతుంది. అర చెంచా నూనె వేస్తే నురుగు ఇంకా తగ్గుతుంది.

ఇక బియ్యం, నీళ్లు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పును కొలతగా తీసుకుందాము. అది 180 మిల్లీలీటర్లు పడుతుంది, సన్న బియ్యమైతే దాదాపు 150 గ్రాములు వస్తాయి. ఆ కప్పు లేకపోతే ఏ గ్లాసైనా సరే, బియ్యమూ నీళ్లూ ఒకే గ్లాసుతో కొలవాలి. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో వ్రాసిన కొలతలు చాలాసార్లు బాస్మతికి వ్రాసినవై ఉంటాయి. మన ఇళ్లలో వండేది జగిత్యాల సన్నాలో, సాంబ మసూరియో, లేదా రేషను బియ్యమో. జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధన కేంద్రం నుండి వచ్చిన జగిత్యాల సన్నాల్లాంటి సన్న రకాలకు, కోసి ఆరు నెలలు దాటి ఉంటే, ఒక కప్పుకు రెండు కప్పుల నీళ్లు పోయండి. ఈ పంటవే కొత్త బియ్యమైతే ఒకటిముప్పావు కప్పు చాలు. పాత బియ్యం ఎక్కువ నీరు పీల్చుకుంటాయి, కొత్తవి త్వరగా ముద్దవుతాయి. ఇది పొయ్యి మీద మీకు తెలిసిన సంగతే.

బియ్యం రెండుమూడు సార్లు కడిగి, కొలిచిన నీళ్లలోనే అరగంట నాననివ్వండి. నానితే గింజ నడిమికి ముందే కొంత తడి చేరుతుంది, ఓవెన్‌లో పలుకు మిగలదు. మీ తొందరకు నానబెట్టడం మానవలసివస్తే నీళ్లు రెండుమూడు చెంచాలు పెంచండి, రెండవ మెట్టులో రెండు నిమిషాలు పెంచండి.

ఇప్పుడు ఒక కప్పు పాత సన్నబియ్యం, రెండు కప్పుల నీళ్లు, 800 వాట్ల ఓవెన్ అనుకొని మొదటి నుండి చివరి వరకు చేద్దాము. గ్రిల్లు, కన్వెక్షను ఉన్న ఓవెనైతే వాటి జోలికి పోకుండా మైక్రోవేవ్ మీదనే ఉంచాలి.

మొదటి మెట్టు, ఎసరు మరగడం. మూత పెట్టకుండా గిన్నెను నడుమ ఉంచి హై మీద పెట్టండి. నాలుగున్నర నుండి అయిదు నిమిషాలకు అంచుల చుట్టూ బుడగలు వచ్చి, నడిమి వరకు పాకి, నురుగు లేవడం మొదలవుతుంది. ఇక్కడ గడియారాన్ని కాదు, గిన్నెను చూడాలి. తలుపు అద్దంలో నుండి నురుగు కనిపించగానే ఆపి, ఒక్కసారి గరిటెతో అడుగు వరకు కలపండి. అంచున ఉన్న వేడి, నడుమ ఉన్న చల్లదనం కలిసిపోతాయి. ఆ తరువాత మళ్లీ కలపకూడదు. కలిపిన కొద్దీ పిండి వదిలి అన్నం జిగురవుతుంది.

రెండవ మెట్టు, ఉడకడం. మూత పెట్టి, పవర్ సగానికి తగ్గించి, పదకొండు నిమిషాలు పెట్టండి. సగమంటే 50 శాతం. కొన్ని ఓవెన్లలో దాన్ని మీడియం అంటారు. ఎందుకు తగ్గించాలన్నది తెలుసుకుంటే మీరు ఎన్నడూ మరచిపోరు. నీరు మరగడం మొదలయ్యాక దాని వేడి 100 డిగ్రీల దగ్గర నిలిచిపోతుంది. పవర్ ఎంత పెంచినా నీరు అంతకంటే వేడెక్కదు, అన్నం త్వరగా ఉడకదు. ఎక్కువైన పవరంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. గింజ నీరు పీల్చుకొని మెత్తబడడానికి పట్టే సమయం పట్టనే పడుతుంది. ఆలోగా నీరంతా ఆవిరైపోతే అంచున ఎండి, నడుమ పలుకు మిగులుతుంది. జగిత్యాలలో జరిగినది ఇదే.

ఈ మెట్టులో ఓవెన్ శబ్దం కాసేపు పెరిగి, కాసేపు తగ్గడం వింటారు. పాడైందని భయపడవద్దు. మామూలు ఓవెన్లు సగం పవర్ అంటే తరంగాలను సగం బలంతో పంపవు. కొన్ని క్షణాలు పూర్తిగా పంపి, కొన్ని క్షణాలు ఆపుతాయి. అందుకే నురుగు లేచి, అంచు దాటక ముందే దిగిపోతుంది.

మూత ఎలాంటిదో కూడా చెప్పాలి. గిన్నెకు తగిన గాజు మూత గాని, ఓవెన్‌కు పనికివచ్చే ప్లేటు గాని బోర్లించండి. ఒక పక్క వేలు మందం సందు ఉండాలి. మూత లేకుంటే పై గింజలు ఎండిపోతాయి, పోసిన నీరు చాలదు. గాలి చొరకుండా బిగించి మూస్తే ఆవిరి పోయే దారి లేక మూత ఎగిరిపడవచ్చు, లేదా గంజి పొంగుతుంది. స్టీలు మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు.

మూడవ మెట్టు, ఉమ్మగిలడం. ఓవెన్ గంట కొట్టగానే మూత తీస్తే గింజల మధ్య ఇంకా చెమ్మ కనిపిస్తుంది. ఉడకలేదనుకొని మళ్లీ అయిదు నిమిషాలు పెట్టేవారున్నారు. అక్కడే అన్నం గట్టిపడిపోతుంది. గిన్నెను అలాగే, మూత కదపకుండా, పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాలూ కరెంటు లేకుండా జరిగే వంటే. మైక్రోవేవ్ తరంగాలు అన్నంలోకి కొద్ది లోతుకే చొచ్చుకుపోతాయి. నడిమికి వేడి అంచుల నుండే పాకాలి. పైన మిగిలిన చెమ్మను గింజలు తాగాలి. ఆవిరి గిన్నెంతటా సమంగా సర్దుకోవాలి. అన్నిటికీ కావలసింది ఊరక ఉంచడమే. పది నిమిషాల తరువాత మూతను మీకు ఎదురుగా కాక, అవతలి వైపు నుండి ఎత్తండి. ఆవిరి ముఖానికి కొట్టకుండా ఉంటుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా తెలుసుకోండి. నడిమి నుండి ఒక మెతుకు తీసి రెండు వేళ్ల మధ్య నలపండి. పూర్తిగా నలిగితే ఉడికింది. నడుమ తెల్లని చుక్క గట్టిగా తగిలితే పలుకుంది. అప్పుడు రెండు చెంచాల వేడి నీళ్లు చల్లి, మూత పెట్టి, సగం పవర్ మీద రెండు నిమిషాలు, తరువాత అయిదు నిమిషాలు ఉమ్మగిలనివ్వండి. అన్నం మెత్తగా ముద్దైతే ఈ పూటకు చేయగలిగేది లేదు. రేపు నీళ్లు పావు కప్పు తగ్గించండి. అంచు మాత్రమే ఎండితే మూత సందు పెద్దదని అర్థం. ఒకసారికి ఒక్కటే మార్చండి, నీళ్లయినా, సమయమైనా. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇప్పుడు కోరుట్ల తల్లి సంగతి. ఆమెకు అర కప్పు బియ్యం చాలు. అర కప్పుకు అన్నీ సగం చేస్తే చెడుతుంది. బియ్యం సగమైనా ఆవిరైపోయే నీరు సగం కాదు. కనుక అర కప్పు బియ్యానికి ఒకటింపావు కప్పు నీళ్లు పోయాలి. పైగా రెండు పవర్లు మార్చడం పెద్దవయసులో కష్టం. అందుకు మేము చెప్పే పద్ధతి ఒకే మెట్టుది. బియ్యం అరగంట నానబెట్టి, రెండు లీటర్ల గిన్నెలో, సందున్న మూతతో, మొదటి నుండీ మీడియం మీదనే పదమూడు నిమిషాలు పెట్టాలి. మొదటి అయిదు నిమిషాలు ఎసరు నెమ్మదిగా మరుగుతుంది, తరువాతి ఎనిమిది నిమిషాలు ఉడుకుతుంది. పొంగదు, నడుమ కలపనక్కరలేదు. ఆగిన తరువాత పది నిమిషాలు తలుపు తీయకుండా లోపలే ఉంచితే వేడి గిన్నెను వెంటనే పట్టుకునే ప్రమాదమూ ఉండదు.

సోదరీ, ఈసారి తల్లి దగ్గరికి వెళ్లినప్పుడు ఇవి చేసి రండి. బియ్యాన్ని అర కప్పు చొప్పున చిన్న డబ్బాల్లో వేసి పెట్టండి. ఒక గాజు గ్లాసు మీద నీళ్లు ఎంతవరకో ఎర్ర గోళ్ల రంగుతో గీత గీయండి. ఓవెన్ మీద మీడియం దగ్గర ఒక చుక్క, పదమూడు నిమిషాల దగ్గర ఒక చుక్క పెట్టండి. ఓవెన్ ఆమె ఛాతీ కంటే ఎత్తున ఉండకూడదు. పైనుండి దించేటప్పుడు వేడి గంజి మీద పడుతుంది. మీ ముందు ఆమె చేత రెండు రోజులు వండించి, ఆమె ఓవెన్ ఎంత బలమైనదో చూసి, ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ సర్దండి. ఒక్క హెచ్చరిక. ఓవెన్ తనంతట ఆగేది నిజమే గాని, నీళ్లు పోయడం మరచిపోతే బియ్యం మాడి పొగ వస్తుంది. అప్పుడు తలుపు తీయకూడదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, పొగ తగ్గేవరకు ఆగాలి. గీత గీసిన గ్లాసును గిన్నె లోపలే బోర్లించి ఉంచే అలవాటు చేస్తే, నీళ్లు మరచిపోయే అవకాశం తగ్గుతుంది.

సిరిసిల్ల సోదరి మొదటి ప్రశ్నకు జవాబు వోల్టేజీలో ఉంది. మీ వీధిలో సాయంత్రం బల్బు మందగిస్తున్నదంటే ఓవెన్ కూడా మందగిస్తుంది. ఓవెన్ మీద 800 వాట్లు అని వ్రాసి ఉన్నా, వోల్టేజీ పడిపోయినప్పుడు అంత వేడి రాదు. అందుకే మొదటి మెట్టును గడియారంతో కాక కంటితో చూడమన్నాము. పగలు అయిదు నిమిషాలకు మరిగే ఎసరు సాయంత్రం ఏడు నిమిషాలకు మరిగితే, ఏడు నిమిషాలు ఉంచండి. అలాంటి రోజు రెండవ మెట్టులో కూడా రెండు మూడు నిమిషాలు పెంచండి. నీళ్లు మాత్రం పెంచవద్దు.

మీ రెండవ ప్రశ్నకు మాత్రం గట్టిగా జవాబు చెప్పాలి. ఏడింటికి వండిన అన్నాన్ని అర్ధరాత్రి దాటేవరకు ఓవెన్‌లో ఉంచకండి. ఉడికించినా చావని ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు బియ్యంలో ఉంటాయి. మూసిన పెట్టెలో గోరువెచ్చగా ఉన్న అన్నంలో అవి మొలకెత్తి పెరుగుతాయి. అవి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన కూడా తేడాగా ఉండకపోవచ్చు. తిన్న కొద్ది గంటలకే వాంతులు పట్టుకుంటాయి. రాత్రంతా మగ్గం దగ్గర నిలబడి వచ్చిన మనిషికి అది పెట్టవద్దు.

దానికి బదులు రెండు దారులున్నాయి. ఫ్రిజ్ ఉంటే, వండిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరచి చల్లార్చి, గంట లోపల మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఆయన వచ్చాక రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతతో, పొగలు వచ్చేవరకు ఒకేసారి వేడి చేయండి. ఫ్రిజ్ లేకపోతే కొలిచిన బియ్యాన్ని పొడిగానే ఉంచి, ఆయన ఇంటికి వచ్చినప్పుడు వండండి. నానబెట్టని బియ్యమైనా ఆయన స్నానం చేసి కూర్చునేలోగా, దాదాపు అరగంటలో, వేడి అన్నం సిద్ధమవుతుంది. కరెంటుకు భయపడనక్కరలేదు. ఒక కప్పు అన్నానికి అయ్యేది యూనిట్‌లో సుమారు అయిదో వంతు.

చివరగా, ఓవెన్‌తో ఏది కాదో కూడా చెప్పాలి. ఇది ఒకరికి, ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. రెండు కప్పుల బియ్యం దాటితే గిన్నె చాలదు, అంచుకూ నడిమికీ తేడా పెరుగుతుంది, సమయమూ కలిసిరాదు. ఇంటిల్లిపాదికీ, ఆదివారం ఆరాధన తరువాత వచ్చే బంధువులకూ పొయ్యి మీద గిన్నే మేలు. ఒంటరిగా ఉన్న తల్లికి, వేళకాని వేళ ఇల్లు చేరే భర్తకు మాత్రం ఈ పద్ధతి అక్కరకు వస్తుంది.

ఈ విధంగా వండి చూసి, మీ ఓవెన్ ఎన్ని వాట్లో, ఏ బియ్యమో, ఎన్ని నీళ్లు పట్టాయో మాకు వ్రాయండి. కోరుట్ల సోదరి తన తల్లి వండుకున్న మొదటి అన్నం గురించి తప్పక వ్రాయాలని కోరుతున్నాము. ప్రభువు మీ వంటింటిని, మీ పెద్దలను కాపాడును గాక.